పెళ్లి వీడియోలో వేసిన పాట తీసి, వెనకాల మాటలు మిగుల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా పెళ్లి 2012లో. స్టూడియో వాళ్లు ఇచ్చిన డీవీడీలో బంతి భోజనాల దగ్గర ఫ్లూటు మ్యూజిక్, అప్పగింతల దగ్గర సినిమా పాట వేసేశారు. వాటి వెనకాల మా తాతయ్య, అత్తయ్యలు, వచ్చిన చుట్టాలు మాట్లాడేది సన్నగా వినిపిస్తోంది. తాతయ్య ఇప్పుడు లేరు. మ్యూజిక్ తీసేసే ఒక సైట్‌లో పెట్టి చూస్తే వాయిద్యాలు పోయాయి కానీ పాడే ఆవిడ గొంతు అలాగే ఉండిపోయింది. పాట పోయి మాటలు మాత్రం ఉండే దారి ఏమైనా ఉందా?

జవాబు:

ఉందండి. కాకపోతే బంతి దగ్గరి ముక్కకు ఒక దారి, అప్పగింతల ముక్కకు ఇంకో దారి. రెండూ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మీకు వచ్చిన ఫలితమే వస్తుంది. నేను గుంటూరు వైపు పెళ్లి వీడియోల ఎడిటింగ్‌లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, ఇలాంటి పాత డీవీడీలు బాగు చేసి ఇమ్మని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, వాళ్లలో చాలామంది మీలాగే సైట్‌లో ఒకసారి వేసి చూసి, ఇక కాదనుకున్నాక వస్తారు.

ఆ సైట్లు చేసేది ఏమిటంటే, మనిషి గొంతును ఒక పక్కకి, మిగతాదంతా ఇంకో పక్కకి వేరు చేయడం. ఎవరి గొంతు అన్నది వాటికి తెలియదు. పాడే ఆవిడదీ గొంతే, మీ తాతయ్యదీ గొంతే, అందుకని ఇద్దరూ ఒకే పక్కకి వచ్చారు. ఫ్లూటు మ్యూజిక్ ఉన్నచోట పాడేవాళ్లు లేరు కాబట్టి అక్కడ ఈ పద్ధతి పనికొస్తుంది. అప్పగింతల దగ్గర పనికి రావాలంటే ముందు ఆ పాటను, పాడే గొంతుతో సహా, వేరే రకంగా తీసేయాలి. అంటే అసలు పాట తెచ్చి వీడియో ఆడియోలోంచి దాన్ని మైనస్ చేయాలి. అది చేశాక మిగిలినదాన్ని వేరుచేసే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. ఈ వరుస తప్పితే పని చెడిపోతుంది.

మొదలుపెట్టే ముందు మూడు సంగతులు చూసుకోండి, ఒక్కోసారి ఇక్కడే పని అయిపోతుంది.

స్టూడియోకి ఫోన్ చేసి, పెళ్లి రోజు తీసిన అసలు ఫుటేజీ ఉందేమో అడగండి. 2012 అంటే కొందరు మినీ డీవీ టేపుల మీద, కొందరు కార్డుల మీద తీసేవాళ్లు. కార్డయితే మళ్లీ వాడేసి ఉంటారు, టేపయితే అటక మీద డబ్బాలో ఉండే అవకాశం ఉంది. టేపు దొరికితే పాట గొడవే లేదు, పాట వేసింది ఎడిటింగ్‌లోనే కాబట్టి టేపులో మాటలు శుభ్రంగా ఉంటాయి. అలాగే అప్పగింతలప్పుడు ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో గానీ చిన్న డిజిటల్ కెమెరాలో గానీ తీశారేమో అడగండి. బొమ్మ ఎంత మసగ్గా ఉన్నా ఫర్వాలేదు, మనకు కావలసింది దాంట్లోని శబ్దం.

రెండోది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడమ చెవిది ఒకసారి, కుడి చెవిది ఒకసారి విడివిడిగా వినండి. పాత పద్ధతిలో ఎడిట్ చేసినవాళ్లు కొందరు కెమెరా శబ్దం ఒక ఛానెల్‌లో, పాట ఇంకో ఛానెల్‌లో ఉంచేసి అలాగే డీవీడీ రాసేసేవాళ్లు. అలా ఉంటే పాట ఉన్న ఛానెల్ ఆపేస్తే చాలు. అరుదుగానే జరుగుతుంది, కానీ ఒక్క నిమిషం పని.

మూడోదే అసలైనది. పాట ఎడిటింగ్‌లో వేసిందా, లేక ఆ రోజు మీ ఇంటి ముందు స్పీకర్‌లో మోగుతున్నదా? దీనికి తేలిక గుర్తు ఉంది. షాట్ మారే చోట చెవి పెట్టండి. షాట్ మారగానే మాటలు, గోల ఠక్కున తెగి, పాట మాత్రం ఏమీ జరగనట్టు సాగిపోతే అది పైన వేసిన పాట. షాట్‌తో పాటు పాట కూడా తెగినా, గొంతు మార్చినట్టు వినిపించినా అది అక్కడ స్పీకర్‌లోంచి వచ్చి కెమెరా మైకులో పడింది. పైన వేసిన పాటను మైనస్ చేయొచ్చు. స్పీకర్‌లో మోగినదాన్ని చేయలేం, ఎందుకంటే అది గోడలకీ టెంటుకీ తగిలి ప్రతిధ్వనులతో కలిసి వచ్చింది, అసలు పాటతో అలకు అల సరిపోలదు. మీరు రాసినదాన్ని బట్టి మీది పైన వేసిందే అనుకుంటున్నాను, అయినా ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. పెదాలు కదులుతున్నా శబ్దం బొత్తిగా లేని షాట్లు ఉంటాయి. అక్కడ ఎడిటర్ కెమెరా శబ్దం పూర్తిగా ఆపేసి పాట ఒక్కటే ఉంచాడన్నమాట. లేని మాటను ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. సన్నగానైనా వినిపిస్తేనే ఆశ.

సరే, ఆడియో బయటికి తీయడం. వాట్సాప్‌లో వచ్చిన కాపీ గానీ యూట్యూబ్‌లో పెట్టుకున్న కాపీ గానీ వాడకండి. డీవీడీలో ఆడియో ఒకసారి ఇప్పటికే కుదించబడి ఉంది. అలా కుదించేటప్పుడు గట్టి శబ్దం చాటున ఉన్న సన్నని శబ్దాన్ని ఎలాగూ వినపడదులే అని కొంత వదిలేస్తారు. మీ తాతయ్య మాట పాట చాటున ఉన్న సన్నని శబ్దమే కదా. కుదించిన ప్రతిసారీ పోయేది అదే. కాబట్టి డీవీడీలోని VOB ఫైలును కంప్యూటర్‌లోకి నేరుగా కాపీ చేసుకుని, ffmpeg అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాంట్లోంచి మీకు కావలసిన ముక్క మాత్రం కత్తిరించండి. ముక్క మొదలు, నిడివి మీ ఫైలును బట్టి మార్చుకోండి:

```
ffmpeg -fflags +genpts -ss 00:12:10 -i VTS_01_3.VOB -t 00:04:00 -map 0:v:0 -map 0:a:0 -c copy appagintalu.mkv
ffmpeg -i appagintalu.mkv -vn -c:a pcm_s24le -ar 48000 appagintalu.wav
```

మొదటి కమాండ్ వీడియోను ముట్టుకోకుండా ముక్క తీస్తుంది, ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అవ్వొచ్చు, కాబట్టి రెండు వైపులా కొంచెం ఎక్కువే తీసుకోండి. రెండోది దాని ఆడియోను ఇంకేం కుదించకుండా విడి ఫైలుగా ఇస్తుంది.

ముందు బంతి ముక్క, అది త్వరగా అయిపోతుంది. ఇదే రెండు కమాండ్లతో ఆ ముక్క తీసి `banti.wav` అని పెట్టుకోండి. డెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కమాండ్లు ఇష్టం లేనివాళ్లకు Ultimate Vocal Remover అని బటన్లతో ఉండేది కూడా ఉచితమే, లోపల అదే రకం మోడళ్లు నడుస్తాయి. కమాండ్ అయితే ఇలా:

```
demucs --two-stems=vocals -n htdemucs_ft banti.wav
```

గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లో డెమక్స్ మామూలు మోడల్‌కి ఆడియో నిడివికి సుమారు ఒకటిన్నర రెట్లు టైం పడుతుంది, ఇక్కడ రాసిన `htdemucs_ft` దానికి నాలుగు రెట్లు తీసుకుంటుంది కానీ కొంచెం మెరుగ్గా ఉంటుంది. నాలుగు నిమిషాల ముక్కకు అరగంట వరకూ అనుకోండి. పూర్తయ్యాక `vocals.wav`, `no_vocals.wav` అని రెండు ఫైళ్లు వస్తాయి. మొదటిదాంట్లో మాటలు, రెండోదాంట్లో ఫ్లూటు.

ఇక్కడే చాలామంది మొదటి ఫైలును అలాగే వీడియోకి తగిలించేసి, ఏదో నీళ్లలో ముంచి మాట్లాడినట్టుందని బాధపడతారు. కారణం ఏమిటంటే, ఈ మోడళ్లు నేర్చుకున్నది స్టూడియోలో రికార్డ్ చేసిన పాటల మీద. వీటికి ఎక్కువగా వాడే MUSDB18 అనే సంకలనంలో 150 పాటలున్నాయి, చాలావరకు పాశ్చాత్య పాప్, రాక్ పాటలే. అందులో గొంతంటే మైకు దగ్గరగా పెట్టి పాడిన గొంతు. బంతిలో ఆరడుగుల దూరం నుంచి "ఇటు పప్పు వెయ్యండి" అన్న మాట, దాని వెనక నవ్వులు, స్టీలు గ్లాసుల చప్పుడు, ఇవేవీ దానికి పరిచయం లేదు. మాటలో సగం గొంతు వైపుకీ, నవ్వులు, గ్లాసులు, హాలు గుయ్యిమనే శబ్దం రెండో వైపుకీ వెళ్లిపోతాయి. చుట్టూ ఉన్న సందడి తీసేస్తే మిగిలిన మాట ఒంటరిగా, ప్లాస్టిక్‌లా వినిపిస్తుంది.

అందుకని రెండు ఫైళ్లూ ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో పక్కపక్కన పెట్టి, `no_vocals.wav`ను 15 నుంచి 18 డెసిబెల్స్ తగ్గించి మళ్లీ కలపండి. అంత తగ్గిస్తే ఫ్లూటు ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు ఉంటుంది, దాంతో పాటు హాలు సందడి కొంచెం వెనక్కి వచ్చి మాటకు ఊపిరి వస్తుంది, ఆ నీళ్ల శబ్దం కూడా చాలావరకు కప్పుకుపోతుంది. పెద్ద నవ్వు గానీ చప్పట్లు గానీ ఉన్న రెండు సెకన్లలో మాత్రం ఎన్వలప్ టూల్‌తో ఆ రెండో ఫైలును పైకి లేపి మళ్లీ దించండి. నవ్వు గట్టిగా ఉన్నప్పుడు ఫ్లూటు ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మ్యూజిక్‌ను నూటికి నూరు పాళ్లు తీసేయాలన్న పట్టుదల వల్లే ఈ పనులు ఎక్కువగా పాడవుతున్నాయి.

ఇప్పుడు అప్పగింతలు.

పోయినేడాది మా పెద్దమ్మ వాళ్ల అమ్మాయి పెళ్లి డీవీడీ చేశాను. పెళ్లి 2010లో. అచ్చం మీ సమస్యే, అప్పగింతల్లో పెదనాన్న అల్లుడి చేతులు పట్టుకుని ఏదో చెబుతున్నాడు, పైన మూడు నిమిషాల పాట. పెదనాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ ముక్క మీద ఏం చేశానో వరుసగా చెబుతాను, మీరూ అదే చేయండి.

ముందు ఆ పాట సంపాదించాలి. అదే పాట అయితే సరిపోదు, అదే రికార్డింగ్ కావాలి. సినిమాలో వినిపించేది, ఆల్బమ్‌లోది, తర్వాత రీమాస్టర్ చేసి మళ్లీ విడుదల చేసింది, ఇవి చెవికి ఒకటే కానీ అలలు వేరు. పెళ్లి నాటి ఆడియో సీడీ దొరికితే అన్నిటికన్నా మంచిది. దొరక్కపోతే రెండు మూడు చోట్ల నుంచి తెచ్చుకుని, ఒక్కోటి ప్రయత్నించి ఏది బాగా పోతుందో చూడాలి. నాకు మొదట తెచ్చింది అసలు కుదరలేదు, ఎంత జరిపినా పాట పోలేదు, రెండు గంటలు పోయాక వేరే కాపీతో మొదటి ప్రయత్నంలోనే సగం పోయింది. కాబట్టి ఒక కాపీ మీద గంటకన్నా ఎక్కువ కూర్చోకండి.

ఆడాసిటీలో ప్రాజెక్టు రేటు 48000 పెట్టి, పైన వీడియో ఆడియో, కింద అసలు పాట వేయండి. మాటలు లేకుండా పాట ఒక్కటే ఉన్న చోటు ఒకటి వెతకండి, అందులో తబలా దెబ్బ లాంటి ఠక్కుమనే శబ్దం ఉంటే మంచిది. ఆ దెబ్బ దగ్గర బాగా జూమ్ చేస్తే అల విడివిడి చుక్కలుగా కనిపిస్తుంది. ఒక్కో చుక్క ఒక్కో శాంపిల్, సెకనుకు 48000 ఉంటాయి. పైన దెబ్బ మొదలైన చుక్క, కింద దెబ్బ మొదలైన చుక్క ఒకే గీత మీదికి రావాలి. ఆ తర్వాత కింది పాటను సెలెక్ట్ చేసి `Invert` కొట్టండి. అంటే అల పైకి వెళ్లిన చోట కిందికి, కిందికి వెళ్లిన చోట పైకి అవుతుంది. ఇప్పుడు రెండూ కలిపి ప్లే చేస్తే సమానమైనవి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. మీ తాతయ్య మాట అసలు పాటలో లేదు కదా, దాన్ని కొట్టేసేది ఏదీ లేదు కాబట్టి అది మిగులుతుంది.

శాంపిల్ లెక్క ఇంత ఖచ్చితంగా ఎందుకంటే, ఒక్క శాంపిల్ పక్కకు జరిగినా 1000 హెర్ట్జ్ దగ్గర పాటలో ఎనిమిదో వంతు మిగిలిపోతుంది, 4000 హెర్ట్జ్ దగ్గర ఏకంగా సగం మిగులుతుంది. అందుకే సరిగా కుదరనప్పుడు బేస్, డోలక్ పోయి, తాళం, స, ష లాంటి అక్షరాలు మాత్రం బుసబుసమని మిగులుతాయి. అది వినిపిస్తే జరపడంలో తేడా ఉందని అర్థం. జరుపుతూ వింటుంటే కుదిరిన క్షణం మీకే తెలుస్తుంది, పాడే ఆవిడ ఉన్నట్టుండి పక్క గదిలోకి వెళ్లిపోయినట్టు అవుతుంది.

జరపడం కుదిరాక వాల్యూమ్. ఎడిటర్ పాటను ఎంత తగ్గించి వేశాడో అంతే తగ్గించాలి. అర డెసిబెల్ చొప్పున పైకీ కిందికీ మార్చి, ఎక్కడ పాట అన్నిటికన్నా సన్నబడుతుందో అక్కడ ఆపండి. ఒక డెసిబెల్ తేడా ఉంటే పాటలో సుమారు తొమ్మిదో వంతు మిగులుతుంది. కొందరు ఎడిటర్లు మాటలొచ్చే చోట పాట తగ్గించి తర్వాత పెంచుతారు, అలా ఉంటే కింది పాట మీద కూడా ఎన్వలప్‌తో అదే తగ్గింపు గీయాలి. విసుగు పుట్టించే పని, కానీ మూడు నిమిషాల ముక్కలో అలాంటివి నాలుగైదు చోట్లే ఉంటాయి.

మా పెదనాన్న ముక్కలో ఇంకో చిక్కు వచ్చింది. పాట మొదట్లో చక్కగా పోయింది, నిమిషం దాటేసరికి మెల్లగా తిరిగి రావడం మొదలుపెట్టింది, చివరికి మొత్తం తిరిగొచ్చేసింది. చివర్లో ఒక దెబ్బ దగ్గర జూమ్ చేసి చూస్తే వీడియోలోని పాట అసలు పాట కంటే 430 శాంపిళ్లు వెనకబడి ఉంది. అంటే ఆ స్టూడియోలో పాటను ఫైలుగా కాపీ చేయకుండా, ప్లేయర్‌లో పెట్టి వైరు ద్వారా కంప్యూటర్‌లోకి రికార్డ్ చేశారన్నమాట. ఆ ప్లేయర్ గడియారానికీ కంప్యూటర్ గడియారానికీ వెంట్రుకవాసి తేడా ఉంది. 180 సెకన్లకు 86,40,000 శాంపిళ్లు, అందులో 430 ఎక్కువ అంటే వీడియోలో పాట 0.005 శాతం నెమ్మదిగా నడుస్తోంది. sox అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అసలు పాటను కూడా అంతే నెమ్మది చేశాను:

```
sox pata.wav pata_sari.wav speed 0.99995
```

మళ్లీ మొదటి నుంచీ జరిపి కలిపితే చివరి వరకూ రెండు శాంపిళ్లలోపే తేడా ఉంది. మీకు కూడా మొదట్లో పోయి చివర్లో తిరిగొస్తే ఇదే జబ్బు. మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ దగ్గర తేడా లెక్కపెట్టి, మీ సంఖ్యతో వేగం కట్టుకోండి. వీడియోలో పాట ముందుకు వస్తుంటే వేగం 1 కంటే ఎక్కువ పెట్టాలి. ఒక హెచ్చరిక, డీవీడీకి ముందు ఆ వీడియో వీహెచ్ఎస్ క్యాసెట్ మీద ఉండి ఉంటే ఈ లెక్క పనిచేయదు. క్యాసెట్ టేపు వేగం క్షణక్షణం ఊగుతుంటుంది, ఒక్క సంఖ్యతో సరిచేయలేం. మీది 2012 కాబట్టి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఇలా చేశాక కూడా పాట పూర్తిగా పోదు. డీవీడీ కుదింపులో అల కొంచెం మారిపోయి ఉంటుంది, అందుకని పాట దయ్యంలా సన్నగా, బుసబుసలతో మిగులుతుంది. కానీ మాట ఇప్పుడు దానికన్నా పైన ఉంటుంది, తేడా అదే. ముందు పాట కింద మాట, ఇప్పుడు మాట కింద పాట. ఈ మిగిలినదాన్ని `migilindi.wav` అని సేవ్ చేసి, అప్పుడు డెమక్స్‌కి ఇవ్వండి, బంతి ముక్కకు రాసిన కమాండే, ఫైలు పేరు మాత్రం మార్చండి. వాయిద్యాల శేషం పోతుంది, పాడే గొంతు శేషం మాటల్లో కొంచెం ఉంటుంది. మాటలు లేని సందుల్లో ఆ శేషం బయటికి వినిపిస్తుంది కాబట్టి అక్కడ గొంతు ఫైలును తగ్గించేసి, ఆ ఖాళీలో నిశ్శబ్దం పెట్టకుండా అదే వీడియోలో పాట మొదలవక ముందు ఉన్న పది సెకన్ల మామూలు గోలను సన్నగా పరచండి. అప్పగింతలంటే వెనకాల ఏడుపులు, పిల్లల అరుపులు, కారు ఇంజన్ శబ్దం ఉంటాయి. మధ్యలో ఒక్కసారి పూర్తి నిశ్శబ్దం వస్తే చెవికి దెబ్బ కొట్టినట్టు ఉంటుంది.

చివరి మెరుగులు తక్కువే చేయండి. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, అక్కడ మాట ఉండదు, గాలి, బండి శబ్దమే ఉంటుంది. 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ పెంచితే హల్లులు స్పష్టమవుతాయి. నాయిస్ రిడక్షన్ వాడితే 6 డెసిబెల్స్ దాటకండి. అంతకు మించితే మళ్లీ ఆ నీళ్ల శబ్దం వచ్చేస్తుంది, పెద్దవాళ్ల గొంతులో ఉండే జీర కూడా పోతుంది. ఆ జీర పోతే ఇంట్లో వాళ్లకు అది ఆయన గొంతులా అనిపించదు.

ఈ ఆడియోను `final.wav` అని సేవ్ చేసుకోండి. తర్వాత వీడియోకి తగిలించడం:

```
ffmpeg -i appagintalu.mkv -i final.wav -i appagintalu.wav -map 0:v -map 1:a -map 2:a -c:v copy -c:a aac -b:a 256k appagintalu_matalu.mkv
```

ఇందులో పాట ఉన్న పాత ఆడియోను కూడా రెండో ట్రాక్‌గా ఉంచాను. ప్లేయర్‌లో ఆడియో ట్రాక్ మార్చుకుని రెండూ వినొచ్చు, పెళ్లికూతురికి ఆ పాటే ఇష్టం అయితే అదీ ఉంటుంది. పెదాలకీ మాటకీ పొంతన కుదిరిందో లేదో ఎవరైనా ప వర్గం అక్షరం పలికే చోట చూడండి, ప, బ, మ అనేటప్పుడు పెదాలు మూసుకుంటాయి కాబట్టి అక్కడ తేడా ఇట్టే దొరుకుతుంది.

ముహూర్తం ముక్క మీద కూడా ఇది ప్రయత్నిద్దామని అనిపించొచ్చు, వద్దు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం దగ్గర మోగే సన్నాయి మేళం అక్కడ మండపంలోనే మోగింది, మైనస్ చేయడానికి అసలు రికార్డింగ్ అంటూ లేదు. డెమక్స్‌కి ఇస్తే డోలు చాలావరకు వేరవుతుంది కానీ నాదస్వరాన్ని అది గొంతనుకుని మాటల వైపు పంపేస్తుంది, గమకాలతో సాగే ఊదుడు వాద్యం కదా, దానికి పాడే మనిషిలాగే వినిపిస్తుంది. పైగా దాని శబ్దం బలంగా ఉండే చోటే మాటలోని హల్లులు కూడా ఉంటాయి. గట్టిమేళం మోగుతున్న ఆ అర నిమిషంలో మాటలు విడదీసి ఇస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇక మాటలు ఎంత తెలుస్తాయన్నది. మా పెదనాన్న ముక్కలో నాకు, మా చెల్లికి చివరికి వినిపించింది "...మానేస్తుంది బాబూ, నువ్వే..." అన్నంత వరకే. ముందూ వెనకా అక్షరాలు అరిగిపోయినట్టున్నాయి. పెద్దమ్మను పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. మొదటిసారే "కోపమొస్తే అన్నం మానేస్తుంది బాబూ, నువ్వే పిలిచి పెట్టు" అని చెప్పేసింది. ఆవిడ చెప్పాక విన్నాం, ఒక్కో అక్షరం మాకూ వినిపించింది. నలభై ఏళ్లు ఆ గొంతు విన్న చెవి పట్టుకున్నంత మనం పట్టుకోలేం. కాబట్టి పని అయ్యాక మీ అమ్మమ్మ గారు ఉంటే ఆవిడను, లేదా తాతయ్యతో ఎక్కువ కాలం ఉన్నవాళ్లను కూర్చోబెట్టి వినిపించండి. మీరు ముందే ఏ మాటా చెప్పకండి, చెబితే వాళ్లకూ అదే వినిపిస్తుంది. వాళ్లు చెప్పింది రాసుకుని, మరుసటి రోజు ఇంకొకరితో విడిగా సరిచూడండి. ఇద్దరూ ఒకటే అంటే ఆ మాటను వీడియో కింద తెలుగు అక్షరాల్లో వేయండి.

ఏ పాటో, డీవీడీ ఆడియోలో మాట ఎంత సన్నగా ఉందో తెలిస్తే ఇంకా చెప్పగలను. పదిహేను సెకన్ల ముక్క ఒకటి, కుదించకుండా wav ఫైలుగా పెట్టండి, తాతయ్య మాట్లాడేదీ పాట ఒక్కటే వినిపించేదీ రెండూ అందులో వచ్చేలా చూసుకోండి.